ముందు నేసినావా అని అడగాల

ఉదయ్ కుమార్‌కు పాఠం చెప్పడం ఇష్టం, పాఠంలో ఉపమానం చెప్పడం ఇంకా ఇష్టం. హిందూపురంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎనిమిదేళ్ళుగా సీ లాంగ్వేజీ చెబుతున్నాడు. ఏటా ఇఫ్ కండిషన్ పాఠం వచ్చే రోజున మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకొస్తాడని స్టాఫ్ రూములో ఎగతాళి చేసేవాళ్ళు. ఎగతాళే అయినా అబద్ధం కాదు. ఆ రోజు పిల్లలు కచ్చితంగా నవ్వుతారని అతనికి తెలుసు.

బోర్డు మీద ఒక ఇఫ్ రాసేవాడు. అందులో మొదటి సగం, "n సున్నా కంటే ఎక్కువా?" రెండో సగం, "మొత్తాన్ని n తో భాగిస్తే ఐదు దాటుతుందా?" మధ్యలో && గుర్తు. రెండు సగాలూ నిజమైతేనే మొత్తం నిజమని దాని అర్థం. n సున్నా అయినప్పుడు భాగించబోతే ప్రోగ్రాం అక్కడికక్కడే కూలబడుతుంది. కానీ మొదటి సగం అబద్ధమని తేలగానే సీ ఆగిపోతుంది, && అవతల ఏముందో చూడనే చూడదు. ఒకటి అబద్ధమైతే మొత్తం అబద్ధమే కదా, రెండోదాన్ని కదిలించడం దేనికి? "పెళ్ళిచూపులకు పోతిమి. పిల్లకు పెళ్ళైపోయిందని గుమ్మంలోనే చెప్పిరి. ఇంక లోపలికి పోయి జాతకం అడుగుతామా?" అనేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. వరుస తిరగేసి ముందు భాగించి తర్వాత సున్నా చూస్తే కొంప మునిగినట్టేనని కూడా చెప్పేవాడు. అంతవరకూ అతను చెప్పినదాంట్లో అక్షరం తప్పు లేదు.

అతని కాపురం పెనుకొండలో, ఉద్యోగం హిందూపురంలో. ఆదివారాలు మాత్రం అదే పట్టాల మీద రెండో దిక్కుకు, ధర్మవరానికి పోయేవాడు. అక్కడ పట్టుచీరలు నేసేవాళ్ళ సంఘం ఒకటుంది. అధ్యక్షుడు ఈశ్వరప్ప ఎవరి ద్వారానో విని, మాకొక కంప్యూటర్ లెక్క రాసివ్వమని అడిగాడు. ఉదయ్ కుమార్ పైసా తీసుకోకుండా రాసిచ్చాడు. దానికి ప్రతిఫలంగా వెళ్ళినప్పుడల్లా కుర్చీ వేసేవాళ్ళు, "సారు చెప్పినాక ఇంకేముండాది" అనేవాళ్ళు. మనిషిని పాడుచెయ్యడానికి పైసలే కావాలని ఎవరన్నారు?

ఆ లెక్క పని చిన్నది. మూడు నెలలకొకసారి, సంఘంలోని నలభై రెండు మగ్గాల్లో ఒక్కొక్కదాని మీద ఎన్ని చీరలు నేశారో, వాటిలో ఎన్నింట్లో తప్పు పడిందో గుమాస్తా తిరుపాల్ ఎక్సెల్‌లో ఎక్కిస్తాడు. తప్పంటే పోగు తెగడం, జరీ లేచిపోవడం, మరక పడడం. పదింటికి ఒకటి దాటి తప్పులుంటే ఆ మనిషి పేరు తప్పు పడినవాళ్ళ పట్టీలోకి వస్తుంది. పట్టీని వరండాలో అతికించి అందరి ముందూ చదువుతారు. అంకెలు వేస్తే వాదులాటలని పేర్లు మాత్రమే వేస్తారు. అందులో పేరున్నవాళ్ళకు మూడు నెలలు కొత్త పడుగు, అంటే మగ్గానికెక్కించే నిలువు పట్టుపోగులు, ఇవ్వరు. ఆ మూడు నెలలూ పట్టీని ఎవరూ తీయకూడదు. ఎప్పటినుంచో ఉన్న రూలది. పడుగు లేకపోతే మగ్గం ఖాళీ, కానీ జనానికి దానికంటే పట్టీయే భయం. పేరు గోడెక్కితే ఆ చేతులకు విలువ ఉండదు.

ఉదయ్ కుమార్ దీనికి ఎక్సెల్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రాం, ఒక మ్యాక్రో రాశాడు. బటన్ నొక్కితే పట్టీ తయారై ప్రింటర్‌లోంచి వస్తుంది. ఒక్కో మనిషి వరుస దగ్గరా అదే ఇఫ్: నేసినవి సున్నా కంటే ఎక్కువ, అండ్, తప్పుల్ని నేసినవాటితో భాగిస్తే పదో వంతు దాటింది. రెండూ నిజమైతే కింది లైనులో పేరు పట్టీలోకి రాయి. మ్యాక్రో భాషలో && ఉండదు, దాని బదులు అండ్ అనే మాట రాయాలి. గుర్తు మారింది గానీ సంగతి అదే అనుకున్నాడు. సున్నా పెట్టి ఒక్కసారి నొక్కి చూసి ఉంటే అప్పుడే తెలిసేది. ఎనిమిదేళ్ళుగా చెబుతున్న పాఠాన్ని మళ్ళీ పరీక్షించాలని ఎవరికి తోస్తుంది!

మొదటిసారి పట్టీ తీసినప్పుడు తిరుపాల్ ప్రింటర్ ఆన్ చెయ్యకుండానే బటన్ నొక్కాడు. తెరమీద ఎర్రర్ వచ్చింది. కంగారుపడి ఫోన్ చేశాడు. ఉదయ్ కుమార్ అప్పుడు క్లాసులో ఉన్నాడు. ఒకటి కాదు, నాలుగుసార్లు చేశాడు. దాంతో విసుగెత్తి ఆ ఆదివారమే మ్యాక్రో మొదట్లో ఒక లైను పెట్టాడు: ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్. అంటే, ఏ లైనులో తప్పు జరిగినా అరవకు, దాని కింది లైనుకు పో. అప్పటినుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. నోరు మూయించడానికి ఇంత సులువైన మందు ఉందని సంతోషించాడు.

ఇంతవరకూ ఉపోద్ఘాతం. అసలు కథ అక్టోబరులో రెండో ఆదివారం మొదలైంది.

ఆ రోజు ఈశ్వరప్ప వరండాలో నిలబడి పట్టీ చదివాడు, పక్కన కుర్చీలో ఉదయ్ కుమార్. మూడు పేర్లు. మూడోది కుళ్ళాయమ్మ. కుళ్ళాయమ్మకు అరవై రెండేళ్ళు. ఆమె చీరలో తప్పు పడిందని ధర్మవరంలో ఎవరూ అనలేదు. పెళ్ళిళ్ళ చీరలైతే ఆమె చేతివే కావాలని పట్టుబట్టేవాళ్ళున్నారు.

ఆమె వెనక వరసలోంచి లేచి ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు.

"సారూ, జులై నుంచి నా మగ్గం గుంతలో నీళ్ళుండాయి. వాననీళ్ళు ఊరి కాళ్ళు పెట్టేదానికే లేదు. ఒక్క చీర గూడా నెయ్యల్యా. నెయ్యని చీరలో తప్పు యాడ్నుంచి వచ్చె?"

ఈశ్వరప్ప ఉదయ్ కుమార్ వైపు చూశాడు. అందరూ చూశారు. అతని చేతిలో కాఫీ గ్లాసు ఉంది, మధ్యాహ్నం రైలుకు ఇంకా అరగంటే ఉంది. నెయ్యకపోతే పేరు రానే రాదవ్వా, మ్యాక్రో ముందు ఆ సంగతే చూస్తుంది, అన్నాడు.

"అదే కదా సారూ. ముందు నేసినావా అని అడగాల. నెయ్యలేదంటే తప్పు మాటే ఎత్తగూడదు."

"నేను రాసింది కూడా అచ్చం అదే" అని ఉదయ్ కుమార్ నవ్వి, క్లాసులో చెప్పినట్టే చెప్పాడు. పెళ్ళిచూపులు, గుమ్మం, జాతకం, అన్నీ. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా. కుళ్ళాయమ్మ నవ్వలేదు. కంప్యూటర్ అబద్ధం చెప్పదని అతను ముగించాడు.

తిరుపాల్ తన లెక్క తెరిచి చూపించాడు. కుళ్ళాయమ్మ వరుసలో నేసినవి సున్నా, తప్పులు సున్నా. చూడండి సార్, నేను సున్నానే ఎక్కించినా, అన్నాడు.

అప్పుడన్నాడు ఉదయ్ కుమార్ ఆ మాట. ఆ వారం తిరక్కముందే, దాన్ని వెనక్కి తీసుకోలేక కుమిలిపోయిన మాట. "సున్నా ఉంటే పేరు రాదు. పేరొచ్చిందంటే బటన్ నొక్కిన రోజు అక్కడ సున్నా లేదు. తర్వాత ఎవరో మార్చినారు."

అతనికి అది తర్కం. వరండాలో ఉన్నవాళ్ళకు అది వేరేగా వినిపించింది. తిరుపాల్ కుళ్ళాయమ్మ చెల్లెలి కొడుకు. అంటే ఆమె గుట్టుగా చీర నేసింది, అది తప్పు పడింది, కొడుకు వరసవాడు అంకె చెరిపేశాడు. సంఘం పట్టుతో బయటివాళ్ళకు నేసిందేమో కూడా. ఇదంతా ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేకుండా పోయింది.

"మళ్ళీ ఒక్కసారి నొక్కి చూద్దాం సార్" అన్నాడు తిరుపాల్.

ఉదయ్ కుమార్ వాచీ చూసుకున్నాడు. నొక్కినా ఏం లాభం లేదు, ఇప్పుడు సున్నా ఉంది కాబట్టి పేరు రాదు, దాంతో తేలేదేమీ లేదు అన్నాడు. కుళ్ళాయమ్మ అతని వైపు ఒకసారి చూసింది. "చీరలో తప్పు పడితే మేము మగ్గం మీదికి తొయ్యం సారూ. చేతి మీదే ఏసుకుంటాం. నా చేతిలో తప్పుంటే నేనే చెప్పింటా" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సంగతి తేలేవరకూ ఆఫీసుకు రావద్దని ఈశ్వరప్ప తిరుపాల్‌కు చెప్పాడు. ఉదయ్ కుమార్‌కు రైలు అందింది. కిటికీ పక్క సీటు కూడా దొరికింది.

గురువారం హిందూపురంలో రెండో సంవత్సరం పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్. పవిత్ర అనే అమ్మాయి చెయ్యెత్తింది. మడకశిర వైపు నుంచి వచ్చే పిల్ల, తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే తేల్చుకోకుండా వదలదు. ఇఫ్ పాఠాన్ని ఎక్సెల్ మ్యాక్రోలో రాసి చూసిందట.

"మీరు చెప్పినట్టే ముందు సున్నా ఉండాదా అని చూసినా సార్. అయినా ఎర్రర్ వస్తాండాది."

వరుస తిరగేసి ఉంటావన్నాడు అతను కూర్చున్నచోటినుంచే. తిరగెయ్యలేదంది. అయితే ఇంకేదో తప్పుగా కొట్టి ఉంటావన్నాడు. అమ్మాయి కూర్చోలేదు. చివరికి అతనే లేచి వెళ్ళి చూశాడు.

ముందు సున్నా సంగతి, తర్వాత అండ్, తర్వాత భాగహారం. వరుస సరిగ్గానే ఉంది. కింద ఐదును సున్నాతో భాగించే సందర్భం పెట్టింది. ఇఫ్ లైను పసుపురంగులో మెరుస్తోంది. దాని మీద డబ్బాలో డివిజన్ బై జీరో అని ఉంది.

అతను తనే కూర్చుని మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అదే డబ్బా. ఇఫ్‌ను రెండుగా విడగొట్టి, సున్నా సంగతి పై ఇఫ్‌లోనూ భాగహారం దాని లోపలి ఇఫ్‌లోనూ పెట్టాడు. ఎర్రర్ పోయింది. మళ్ళీ కలిపి అండ్ పెట్టాడు. ఎర్రర్ వచ్చింది. అంతే సంగతి. ఈ భాషలో అండ్‌కు గుమ్మం దగ్గర ఆగే అలవాటే లేదు. మొదటి సగం అబద్ధమైనా రెండో సగాన్ని లెక్కగట్టి, అప్పుడు గానీ రెండూ కలిపి చూడదు. ఏ మ్యాక్రో పుస్తకం తిప్పినా ఒక పేజీలో ఉండే ముక్క. అతను తిప్పలేదు.

"మరి ఎర్రర్ రాకుండా ఆ రెజ్యూమ్ నెక్స్ట్ లైను పెట్టేద్దామా సార్?" అంది పవిత్ర. ఎక్కడో చదివిందట.

వద్దన్నాడు. ఎందుకని అడిగింది. రేపు చెబుతానని స్టాఫ్ రూముకు పోయాడు. ఎనిమిదేళ్ళలో ఒక పిల్ల అడిగిన ప్రశ్నకు రేపు అనడం అదే మొదటిసారి.

తిరుపాల్ ఎక్కించిన అంకెలతో సహా సంఘం ఫైలు నకలు అతని ల్యాప్‌టాప్‌లో ఉంది. తెరిచాడు. ఇప్పుడు అర్థమైనది కళ్ళతో చూడక తప్పదనిపించి, మొదట దేన్నీ మార్చకుండా బటన్ నొక్కాడు. మూడు పేర్లొచ్చాయి. మూడోది కుళ్ళాయమ్మ. తిరుపాల్ అడిగింది ఈ ఒక్క నొక్కుడే.

తర్వాత రెజ్యూమ్ నెక్స్ట్ లైను తీసేసి నొక్కాడు. మ్యాక్రో పదిహేడో వరుసలో ఆగింది. కుళ్ళాయమ్మ వరుస. సున్నాను సున్నాతో భాగించబోయింది. పవిత్రకు వచ్చిన మాట కాదు, ఇలాంటి చోట ఈ భాష వేరే మాట అంటుంది. డబ్బాలో ఓవర్‌ఫ్లో అని ఉంది. నీళ్ళు పొంగి మగ్గం ఆగిన మనిషి వరుసలో ఆ మాట చదివి అతను కళ్ళు మూసుకున్నాడు.

జరిగింది ఇంత. ఇఫ్ లైనులో లెక్క కూలింది. అరవద్దు, కింది లైనుకు పో అని అతనే చెప్పి పెట్టాడు. అది వినయంగా కింది లైనుకు పోయింది. కింది లైను ఏమిటి? పేరు పట్టీలోకి రాయి. సున్నా ఉన్నవాళ్ళను కాపాడాలని పెట్టిన ఇఫ్, సున్నా ఉన్నవాళ్ళనే మెడపట్టి లోపలికి తోసింది. అంతకుముందు రెండుసార్లూ పట్టీ బాగానే వచ్చిందంటే అప్పుడు ఎవరిదీ సున్నా కాదు. ఈసారి ఆ నలభై రెండు మందిలో ఏమీ నెయ్యనిది ఆమె ఒక్కతే. ముందు నేసినావా అని అడగాల అని ఆమె నోటితో చెప్పింది. అచ్చం అదే రాశానని అతను నవ్వాడు.

తప్పు దిద్దడానికి ఐదు నిమిషాలు పట్టలేదు. ఇఫ్‌ను రెండుగా విడగొట్టాడు, నోరు మూయించే లైనును తీసేశాడు. నొక్కితే రెండే పేర్లొచ్చాయి. సిగ్గును దిద్దడానికి మాత్రం బటన్ లేదు.

ఆ సాయంత్రం పెనుకొండలో దిగి ఈశ్వరప్పకు ఫోన్ చేశాడు. ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, చిన్న పొరపాటు దొర్లిందని మొదలుపెట్టి, సగం చెప్పి సగం నమిలాడు. ఈశ్వరప్ప తెలివైనవాడు, మిగతా సగం అడగలేదు.

"దానికేముండాది సార్. కంప్యూటర్ తప్పు చేసిందని ఆదివారం నేను చెప్తా. పేరు తీసేద్దాం. మీ పేరెందుకు మధ్యలో? మీరు ఫ్రీగా చేసిస్తాండారు."

ఉదయ్ కుమార్‌కు గుండె మీద బరువు దిగినట్టయింది. సరేనన్నాడు. ఫోన్ పెట్టాక, బరువు దిగినందుకే సిగ్గేసింది. కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఆదివారం అన్న నోరు, కంప్యూటర్ తప్పు చేసిందంటే సరేనంది. రాత్రి భోజనంలో భార్య సుమ ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాడు. అదీ అబద్ధమే.

శనివారం సెలవు పెట్టి ధర్మవరం పోయాడు. ఆమె ఇంటికి పోయి ఒక్కతెకే చెప్పి వద్దామనుకున్నాడు. చాటుగా చెబితే సగం సిగ్గే కదా అని లోపల ఎక్కడో లెక్క. ఆటో దిగి సందులోకి పోతే కుళ్ళాయమ్మ గడపలోనే కూర్చుని ఉంది. అతన్ని చూసి లేచింది. ఎందుకొచ్చాడో అడగలేదు, తనకు తెలుసనుకుంది.

"రా సారూ. చూసుకో" అని నేరుగా మగ్గం గదిలోకి తీసుకుపోయింది.

గుంతలోని నీళ్ళు ఎత్తిపోసి నేల ఆరబెట్టారు. గుంత గోడలకు మోకాలెత్తున బురదగీత ఉంది. ఆమె వంగి ఆ గీత మీద వేలు పెట్టి ఈ కొస నుంచి ఆ కొసదాకా చూపించింది. ఇంతవరకూ నీళ్ళు. పక్కింటి యల్లక్క చూసింది, కావాలంటే పిలుస్తానంది. గోడకు సున్నం కొట్టాలని ఉన్నా, ఎవరైనా చూడడానికొస్తారేమోనని గీతను అట్లే ఉంచిందట.

అతను తనిఖీకి వచ్చాడనుకుంది. అరవై రెండేళ్ళ మనిషి తన గోడ మీద బురదను సాక్ష్యంగా దాచుకుంది. నోరు తెరవబోయాడు. ఆమె లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. ఆమె చేతినుంచి మజ్జిగ తీసుకుని, తాగి, గ్లాసిచ్చి, "సరే అవ్వా" అన్నాడు. అంతే అన్నాడు. బయటికి వచ్చాక ఆ రెండు మాటలు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

స్టేషన్ దారిలో టీ బంకు దగ్గర తిరుపాల్ కూర్చుని ఉన్నాడు. వారంగా పని లేదు. ఉదయ్ కుమార్‌ను చూడగానే లేచి నిలబడి నమస్తే సార్ అన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఆదివారం సమావేశానికి మామూలుకంటే ఎక్కువమందే వచ్చారు. కుళ్ళాయమ్మ వెనక వరసలో, తిరుపాల్ వరండా మెట్ల మీద. ఈశ్వరప్ప అనుకున్నట్టే ఎత్తుకున్నాడు. పోయినసారి పట్టీలో కంప్యూటర్ ఒక పొరపాటు చేసింది, యంత్రం అన్నాక అట్లా అవుతుంటాది, కుళ్ళాయమ్మ పేరు తీసేస్తాండాం, ఆమెకు పడుగు ఇస్తాం. జనం తలలూపారు. కంప్యూటర్ గదా అన్నారు ఎవరో. ఈశ్వరప్ప పెద్దమనసుతో ముసలామె మీద దయ తలిచాడని ఇంకెవరో గుసగుసలాడారు. పేరైతే పోతుంది, మచ్చ మాత్రం అట్లే ఉంటుందని ఉదయ్ కుమార్‌కు అప్పుడు తెలిసింది. ఆమె చేతిలో తప్పు లేదని ఇంతవరకూ ఎవరూ అననే లేదు.

అతనికి కుర్చీ వేశారు. అందులోంచి లేచాడు.

"కంప్యూటర్ తప్పు కాదు. నాది" అన్నాడు.

ఈశ్వరప్ప చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాడు. అతను కూర్చోలేదు. ముందు నేసినావా అని అడగమని రాశాననుకున్నాను, ఈ భాషలో అది నెయ్యలేదన్నా ఆగదు, తప్పులెన్నో కూడా లెక్కపెట్టబోతుంది, ఆ సంగతి నాకు తెలియదు అని చెప్పాడు. లెక్కపెట్టలేక అది కూలితే అరిచేది. తిరుపాల్ ఫోన్లు ఎత్తలేక, అరవకుండా కింది పనికి పొమ్మని నేనే దాని నోరు మూసినాను. కింది పని పట్టీలో పేరు రాయడం. అందుకే పేరొచ్చింది. అవ్వ ఒక్క చీరా నెయ్యలేదు. తిరుపాల్ ఏ అంకే మార్చలేదు. మళ్ళీ ఒకసారి నొక్కమని అతనడిగాడు. నొక్కి ఉంటే ఆ పూటే తేలేది. నాకు రైలు ఉండె.

ఇందులో పెళ్ళిచూపులు లేవు, ఉపమానం లేదు. ఎవరూ నవ్వలేదు. నిన్న అవ్వ ఇంటికి పోయి చెప్పలేక మజ్జిగ తాగి వచ్చానని కూడా చెప్పాడు. అది చెప్పమని ఎవరూ అడగలేదు.

తర్వాత ఈశ్వరప్ప గోడ దగ్గరికి పోయి పట్టీ పీకబోయాడు.

"పీకొద్దప్పా" అంది కుళ్ళాయమ్మ. లేచి ముందుకు వచ్చింది. "మూడు నెలలు తియ్యగూడదని రూలు గదా. నా పేరు మింద గీత కొట్టండి, చాలు." తర్వాత ఉదయ్ కుమార్ వైపు తిరిగింది. ఈసారి సారూ అనలేదు. "తప్పు పడినోళ్ళ పట్టీ అబ్బా ఇది. తప్పు నీదంటాండావు. మరి నీ పేరు యాడ?"

కోపంగా అడగలేదు. మరిచిపోయిన సంగతి గుర్తుచేసినట్టు అడిగింది.

ఉదయ్ కుమార్ జేబులోంచి పెన్ను తీశాడు. ముందు ఆమె పేరు మీద గీత కొట్టాడు. కింద తన పేరు రాశాడు. పట్టీలో అంకెలు వెయ్యరు. అయినా తన పేరు పక్కన వేశాడు.

కుళ్ళాయమ్మకు చదువు రాదు. తిరుపాల్‌ను పిలిచి, ఏం రాసినాడో పైకి చదవమంది. తిరుపాల్ మెట్లెక్కి వచ్చాడు. ఆఫీసు వరండాలో అతను అడుగుపెట్టడం వారం తర్వాత అదే. ఒకసారి ఉదయ్ కుమార్ ముఖంలోకి చూసి, అందరికీ వినబడేలా చదివాడు.

"ఉదయ్ కుమార్. నేసింది ఒకటి. తప్పు ఒకటి."

"సరిపాయె" అంది కుళ్ళాయమ్మ. పడుగు తీసుకోవడానికి లోపలికి పోయింది.

ఆ పట్టీ జనవరి దాకా గోడ మీదే ఉంది. చీరలు కొనడానికి వచ్చినవాళ్ళు దాన్ని చదివి, ఈ ఉదయ్ కుమార్ ఎవరు, ఒక్క చీర నేసి అదీ చెడగొట్టినాడా అని అడిగేవాళ్ళు. తిరుపాల్ కుర్చీలో ఉన్న మనిషిని చూపించేవాడు. ఉదయ్ కుమార్ లేచి నిలబడి, నేనేనండీ అనేవాడు.